చాట్ తీసేసినా బత్తాయి పోలేదు

నల్లగొండల ఆన్‌లైన్, జిరాక్స్ సెంటర్లు నడిపేవాళ్ల కోసం చెప్పిన మాటలు ఇవి. ఆ రోజు రానోళ్లు చదువుకుంటరని రికార్డింగ్ విని టైపు చేసినం. తడబాట్లు తీసేసినం, మాట్లాడిన తీరు అట్లనే ఉంచినం.

అందరికీ నమస్తే. ఎనకున్నోళ్లకు వినవడుతుందా? ఫ్యాన్ల సప్పుడు ఎక్కువుంది, జర ముందు కుర్చీలల్లకు రాండ్రి. పొద్దుగాల దుకాణం బంద్ చేసుకొని వచ్చిన్రు, మీ గిరాకీ పోగొట్టుడు నాకు ఇష్టం లేదు. అందుకే ఒక్కటే సంగతి పట్టుకొని చెప్త. ఒక బత్తాయి తోట సంగతి.

మన జిల్లాలనే, ఒక తహసీల్దార్ ఆఫీసు పక్కన ఒక సెంటర్ ఉంది. ఏ మండలం, ఎవరి షాపు అని అడగకుండ్రి, చెప్ప. ఆ తమ్ముడు నాకు మంచిగ తెల్సినోడు. జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, అర్జీలు. మీరు చేసే పనే. అర్జీలు రాసుడు ఆయనకు మొదటి నుంచి తలనొప్పి. అందుకని మనం అడిగింది రాసిచ్చే ఒక ఏఐ చాట్ యాప్ పెట్టుకున్నడు. కంప్యూటర్ల ఒకటే ఖాతా, పొద్దున తెరిస్తే రాత్రి దాకా అదే. ఎవరొచ్చినా అండ్లనే టైపు. మీరు నవ్వుతున్నరంటే మీ దగ్గర గూడ అంతే అని అర్థమైంది.

ఒకనాడు ఒక పెద్దమనిషి వచ్చిండు. 2 ఎకరాల 10 గుంటలు, బత్తాయి తోట. పాస్‌బుక్కుల ఏదో తప్పు పడ్డది, దానికి అర్జీ. పెద్దమనిషి రేపు ఇంకో కాయితం తెస్తనన్నడు. మనోడు ఏం చేసిండు? మళ్ల అంత టైపు చేసుడు ఎందుకని, చాట్ల ఒక ముక్క రాసిండు: ఈ వివరాలు గుర్తుపెట్టుకో. అది సరే అన్నది. పని అయిపోయింది, పెద్దమనిషి పోయిండు, ఆ సంగతే మర్చిపోయిన్రు.

పది దినాలకు వడగండ్ల వాన పడ్డది. ఇంకో రైతు వచ్చిండు, ఈయనకు ఒక ఎకరం 20 గుంటలు, యాసంగి వరి. సదువు తక్కువ. షాపుల పది మంది నిలబడి ఉన్నరు. మనోడు తొందరల గింతే టైపు చేసిండు: వడగండ్లకు పంట పోయింది, ఏఈఓ సారుకు అర్జీ రాయి. ఊరి పేరు, మనిషి పేరు ఇచ్చిండు. ఎంత భూమి, ఏ పంట, ఏం చెప్పలే. అర్జీ మంచిగ వచ్చింది. ప్రింట్ తీసిండు, రైతు ఏలిముద్ర ఏసిండు, ఇచ్చొచ్చిండు.

ఏఈఓ సారు చేను కాడికి వచ్చి కాయితం చదివిండు. కాయితం మీద ఏముంది? 2 ఎకరాల 10 గుంటలల్ల బత్తాయి కాయలు రాలి నష్టపోయినం అని ఉంది. సారు ముందట ఏముంది? పండుకున్న వరి. బత్తాయి చెట్టు మందుకు గూడ లేదు. ఏమయ్యా, ఎవరి అర్జీ తెచ్చినవ్ అన్నడట.

ఇప్పుడు అసలు సంగతి. రైతు వచ్చి లొల్లి పెట్టినంక మనోడు ఎనకకు పోయి చూసిండు. నేను బత్తాయి అని టైపు చెయ్యనే లేదే! అప్పుడు గుర్తుకొచ్చింది పెద్దమనిషి. ఓహో, ఆ పాత చాట్ నుంచి కలిసిందని, ఆ చాట్‌ను డిలీట్ కొట్టిండు. పీడ పోయిందనుకున్నడు. రెండ్రోజులకు బోరుకు కరెంటు కనెక్షన్ కావాలని ఇంకొకాయన వచ్చిండు. అర్జీల మళ్ల బత్తాయి తోట! చాట్ లేదు, బత్తాయి ఉంది. ఎట్లుంది? ఎక్కడుంది?

చాన మంది ఏమనుకుంటరంటే, మనం చెప్పింది ఆ మిషన్ మెదడుల ఎక్కడనో పోయి కూసుంటదని. ఈ పనికి అట్ల కాదు. దవాఖాన సంగతి యాది చేసుకోండ్రి. సర్కారు దవాఖానకు పోతే రోజుకో డాక్టర్ ఉంటడు. నిన్నటి డాక్టర్‌కు మీరు చెప్పింది ఇయ్యాల డాక్టర్‌కు ఎరుకనా? ఎరుక లేదు. కానీ మీ ఓపీ చీటీ ఉంటది. కొత్త డాక్టర్ ముందు ఆ చీటీ చదువుతడు, షుగర్ ఉందా, సరే అని, అప్పుడు మిమ్మల్ని అడుగుతడు. గిదే పద్ధతి. మీరు కొత్త చాట్ తెరిచిన ప్రతిసారి, జవాబు చెప్పే ఆ ఏఐ మోడల్ కొత్త డాక్టరే. దానికి ఏం యాది లేదు. కానీ మీ ఖాతా కింద ఒక చీటీ దాచి ఉంటది, చిన్న చిన్న వాక్యాలు. మీరు టైపు చేసిన దాని కంటే ముందు, మీకు కనపడకుండ, ఆ చీటీని దాని ముందట పెడ్తరు. చీటీ చదివినంకనే మీ మాట చదువుతది.

ఇప్పుడు చెప్పండ్రి, చీటీ మీద పేరు ఎవరిది? ఖాతా ఎవరిదైతే వాళ్లది. ఒక ఖాతా అంటే ఒక మనిషి, దాని లెక్క గంతే. మన షాపుల ఒకటే ఖాతాల వంద మంది కూసుంటరని దానికి తెల్వది. పెద్దమనిషి తోట గురించి ఏమని రాసుకుంటది? ఫలానా రైతుకు తోట ఉంది అని రాసుకోదు. వాడుకునే మనిషికి 2 ఎకరాల 10 గుంటల బత్తాయి తోట ఉంది, అని రాసుకుంటది. అంటే చీటీ ప్రకారం మా జిరాక్స్ తమ్మునికి తోట వచ్చింది. ఆనాటి నుంచి షాపుకు వచ్చిన ప్రతి మనిషీ బత్తాయి రైతే.

ఇంకోటి గమనించిన్రా? వరి రైతు అర్జీల పంట పేరు రాసి ఉంటే బత్తాయి వచ్చేది కాదేమో. మనం ఖాళీ వదిలిన కాడనే చీటీల ముక్క వచ్చి నిండుతది. ఎంత తక్కువ టైపు చేస్తే అంత ఎక్కువ చీటీ నుంచి వస్తది. గిరాకీ ఎక్కువున్నప్పుడు మనం తక్కువ టైపు చేస్తం. అందుకే ఈ తప్పులు రష్ ఉన్న దినాలల్లనే బయటపడ్తయి.

ఆ తమ్ముడు ఏ యాప్ వాడిండనేది ఈడ పని లేదు. మీల చాన మంది ఫోన్లల్ల చాట్‌జీపీటీ ఉందని చేతులెత్తిన్రు కాబట్టి దాంట్లనే చూపిస్త. నిన్న రాత్రి నా ఖాతాల నేనే ఆ బత్తాయి తోటను మళ్ల తయారు చేసిన. తెర మీద చూడుండ్రి.

ఈ గుర్తుపెట్టుకునే సౌకర్యం చాట్‌జీపీటీ కంపెనీవాళ్లు 2024 ఫిబ్రవరిల కొద్ది మందితోని మొదలువెట్టిన్రు. అదే సంవత్సరం సెప్టెంబర్ వరకు ఉచితంగ వాడేటోళ్లకు గూడ ఇచ్చిన్రు. 2025 ఏప్రిల్‌ల ఇంకో రకం కలిపిన్రు, దాని సంగతి తర్వాత. ముందు మొదటి రకం, చీటీ.

ఫోన్ల అయితే పక్క మెనూ తెరిచి మీ పేరు మీద నొక్కండ్రి. కంప్యూటర్ల అయితే ఎడమ దిక్కు కింద మీ పేరుంటది. అక్కడ Settings. దాంట్ల Personalization. దాంట్ల Memory అని ఉంటది, దాని పక్కన Manage. ఈ పేర్లు, ఇవి ఉండే జాగాలు అప్పుడప్పుడు మారుస్తుంటరు. మారినా Memory అన్న మాట దేవులాడితే దొరుకుతది. నొక్కిన. చూడుండ్రి, జాబితా వచ్చింది. నేను తెలుగుల అడిగినా, ఇక్కడ మాత్రం కొన్ని ఇంగ్లిష్‌ల రాసుకుంది. కాబట్టి మీరు తెలుగు మాట కోసమే చూడకుండ్రి. బత్తాయి అని ఉండకపోవచ్చు, sweet lime అని ఉండొచ్చు.

ఇగో, మూడో వరుస. మన తోట.

ఇది ఎప్పుడు రాసుకుందో మీకు తెలుస్తదా? తెలుస్తది, చూసేటోడు ఉంటే. రాసుకున్నప్పుడు చాట్ల జవాబు పైన చిన్న అక్షరాలతోని Memory updated అని వస్తది. అది మనం గుర్తుపెట్టుకో అన్నప్పుడే కాదు, మనం ఏం అనకపోయినా, ఇది ముందు ముందు పనికొస్తదని దానికి అనిపిస్తే గూడ వస్తది. ఆరోగ్యం లాంటి సొంత సంగతులు మనం అడగకుండ రాసుకోకుండ నేర్పుతున్నమని వాళ్లు చెప్పిన్రు. కానీ మనమే గుర్తుపెట్టుకో అన్నమనుకో? రాసుకుంటది. మనోడు చేసింది గదే. ఆ రెండు మాటలు షాపుల ఎప్పుడూ టైపు చెయ్యకుండ్రి. మీ సొంత ఫోన్ల చేసుకోండ్రి, ఇబ్బంది లేదు.

ఇగ మార్చుడు. వరుసల తప్పు ఉందనుకోండ్రి, తోట 2 ఎకరాలు కాదు 3 ఎకరాలు. ఆ వరుస మీద నొక్కి అక్షరాలు దిద్దుదామని చూస్తరు చాన మంది. దిద్దుడుకు దారి చాట్‌ నుంచి. కొత్త చాట్ తెరిచి, నా తోట 2 కాదు 3 ఎకరాలు, రాసుకున్నది మార్చు, అని చెప్పాలె. ఈడనే మోసపోతరు. అది మర్యాదగ, సరే మార్చిన అంటది. మర్చిపో అంటే సరే మర్చిపోయిన అంటది. అది అన్న మాట వేరు, చీటీ మీద గీత వేరు. మాట ఒక్కటి అని చీటీ ముట్టకుండ గూడ ఊకోవచ్చు. ఎట్ల తెలుసుకోవాలె? Memory updated వచ్చిందా లేదా చూడాలె. వచ్చినా సరే, మళ్ల జాబితకు పోయి కండ్లతోని చూడాలె. ఒక్కోసారి పాత వరుస అట్లనే ఉండి కింద కొత్త వరుస వస్తది. అప్పుడు తోట రెండూ, మూడూ. నాకైతే ఈ దిద్దుడు మీద నమ్మకం తక్కువ. పాత వరుసను పక్కనున్న గుర్తు నొక్కి తీసేసి, సరైనది కొత్తగ చెప్తేనే సాఫ్.

తీసేసుడు అల్కగనే ఉంటది. ఒక్క వరుస తీయొచ్చు, మొత్తం తీయొచ్చు. కానీ తీసినంక పరీక్ష చెయ్యాలె. పరీక్ష ఎక్కడ చేస్తరు? పాత చాట్ల చేస్తే లాభం లేదు, ఆ చాట్ల పైననే బత్తాయి అని రాసి ఉంది కదా, చదివి చెప్తది. కొత్త చాట్ తెరవాలె. నిన్న రాత్రి నేను వరుస తీసేసి, కొత్త చాట్ తెరిచి, నాకు ఏ పంట ఉంది అని అడిగిన. ఏమన్నదనుకున్నరు?

బత్తాయి!

గిప్పుడు మీరు నన్ను కొడ్తరు. చాట్ తీస్తే పోలేదన్నవు, వరుస తీస్తే గూడ పోలేదంటవు. 2025 ఏప్రిల్‌ల కలిపిన రెండో రకం ఇదే. మొదట పైసలు కట్టేటోళ్లకు ఇచ్చిన్రు, జూన్‌ల కొంచెం చిన్నగ చేసి ఉచిత ఖాతాలకు గూడ ఇచ్చిన్రు. సెట్టింగ్‌ల దాని పేరు Reference chat history. చీటీ కాకుండ, మీ పాత చాట్‌లల్ల నుంచే సంగతులు ఏరుకొని వాడుకుంటది. మొదటి రకం Reference saved memories, దానికి జాబిత ఉంది, ఒక్కో వరుస చూడొచ్చు. రెండో రకానికి అట్ల వరుసలు వరుసలుగ చూసి గీత కొట్టే జాబిత లేదు. నా గురించి నీకేం తెలుసు అని అడగొచ్చు, కొన్ని చెప్తది, అన్నీ చెప్పిందన్న గ్యారంటీ లేదు.

కాబట్టి బత్తాయి రెండు జాగలల్ల ఉంది. ఒకటి చీటీ మీద, రెండోది పెద్దమనిషి చాట్ల. మా తమ్ముడు చాట్ తీసిండు, చీటీ ఉండిపోయింది. నేను చీటీ తీసిన, చాట్ ఉండిపోయింది. రెండూ తీస్తేనే పోతది. కంపెనీవాళ్లు గూడ తమ సహాయం పేజీల ఇదే రాసిన్రు, వరుసను తియ్యండి, ఆ సంగతి చెప్పిన చాట్‌ను గూడ తియ్యండి అని.

ఏ దిక్కు నుంచి వస్తుందో కనుక్కునుడు గూడ అల్కనే. Reference chat history మీటను బంద్ చెయ్యండ్రి. కొత్త చాట్ తెరిచి అదే ప్రశ్న అడగండ్రి. బత్తాయి పోతే, పాత చాట్‌లల్ల నుంచి వస్తున్నట్టు. ఇంకా వస్తే చీటీ మీద ఇంకో వరుస ఉన్నట్టు, జాబితకు పోయి మళ్ల చదవండ్రి. నాది పాత చాట్‌ల నుంచే. అప్పుడు చాట్‌ల జాబితల వెతుకుడు పెట్టి బత్తాయి అని కొట్టిన, ఒకటి దొరికింది. battai అని ఇంగ్లిష్ అక్షరాలతోని కొట్టిన, ఇంకోటి దొరికింది. మనం ఎట్ల పడితే అట్ల టైపు చేస్తం కదా, వెతికేటప్పుడు గూడ అట్లనే వెతకాలె. రెండూ తీసేసి, మీట మళ్ల ఆన్ చేసి, కొత్త చాట్ల అడిగితే నీ పంట గురించి నాకు తెల్వదు అన్నది. అప్పటికి రాత్రి పన్నెండు దాటింది, ఇంట్లోళ్లు ఏందా బత్తాయి గోల అన్నరు.

రెండు జాగ్రత్తలు. Archive చేస్తే తీసేసినట్టు కాదు. అది అటక మీద పెట్టినట్టు. Settings ల Data controls కింద Archived chats అని ఉంటది, అండ్ల గూడ చూడండ్రి. రెండోది, మెమరీ మీట బంద్ చేస్తే చీటీ చదువుడు ఆగుతది, చీటీ చినగది. మళ్ల ఆన్ చేస్తే అన్ని వరుసలు అట్లనే ఉంటయి. బంద్ చేసుడు వేరు, తీసేసుడు వేరు. తీసేసినంక గూడ, భద్రత కోసం, తప్పులు పట్టుకునుడు కోసం, ఆ తీసేసిన వరుసల లెక్కను 30 దినాల దాకా తమ దగ్గర ఉంచుకోవచ్చని వాళ్లు చెప్తరు. మీకు కనపడకపోవుడు ఆ క్షణంల అయితది, వాళ్ల దగ్గర పోవుడు తర్వాత.

మరి షాపుల ఏం చెయ్యాలె? ఇద్దరు ముగ్గురు అడిగిన్రు ఇందాక. నా సలహా, షాపు ఖాతాల రెండు మీటలు బంద్ చెయ్యండ్రి, చీటీ మొత్తం తీసెయ్యండ్రి. దాని మీద, గిరాకీ వచ్చినప్పుడు Temporary Chat తెరవండ్రి. కొత్త చాట్ తెరిచినప్పుడు పైన దాని గుర్తుంటది. అండ్ల కొత్తగ చీటీ రాయదు, మీ చాట్‌ల జాబితల కనపడదు. దాని కాపీ గూడ 30 దినాల దాకా వాళ్ల దగ్గర ఉండొచ్చు, అది గుర్తుంచుకొని ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు అండ్ల గూడ కొట్టకుండ్రి. అర్జీల ఆ జాగ ఖాళీ పెట్టి, వర్డ్ ఫైలుకు వచ్చినంక చేత్తోని కొట్టండ్రి.

దీనితోని ఒక కష్టం ఉంది, ముందే చెప్త. Temporary Chat మూసేస్తే అర్జీ గూడ పోతది. గిరాకీ రేపు వచ్చి అన్నా ఒక అక్షరం తప్పుంది అంటే మీ దగ్గర ఏం ఉండదు. కాబట్టి మూసే ముందు వర్డ్‌ల దాచుకోండ్రి. మా తమ్ముడు రెండు సార్లు మర్చిపోయి తిట్లు తిన్నడు.

ఇంకోటి మీ పనిల వస్తది కాబట్టి చెప్తున్న. మీరు గిరాకీ తెచ్చిన పీడీఎఫ్‌లు, ఫోటోలు అండ్ల ఎక్కిస్తరు కదా. 2024ల ఒక భద్రతా పరిశోధకుడు చూపించిండు, ఎవరో తయారు చేసిన కాయితంల గాని వెబ్ పేజీల గాని దాచిపెట్టిన మాటలు చదివి, యజమాని అడగకున్నా చాట్‌జీపీటీ చీటీ మీద కొత్త వరుసలు రాసుకునేటట్టు చేయొచ్చని. ఆ రాతలతోని సంభాషణలు బయటికి పంపే దారిని కంపెనీ తర్వాత మూసింది. కానీ బయటి కాయితం చీటీని మార్చొచ్చన్న సంగతి మనకు తెలిసింది. జాబితల మీరు ఎప్పుడూ చెప్పని వరుస కనపడితే ఆలోచన లేకుండ తీసెయ్యండ్రి.

సరే, ప్రశ్నలు అడగండ్రి.

అక్క అడుగుతున్నది, నేను జెమినై వాడ్త, అండ్ల ఎట్ల అని. అక్కా, జాగ వేరు, పద్ధతి దగ్గర దగ్గర అదే. మీ గూగుల్ ఖాతాతోని myactivity.google.com/product/gemini తెరిస్తే మీరు అడిగినవన్నీ తారీఖులతోని కనపడ్తయి, అక్కడి నుంచే తీయొచ్చు. మామూలుగ 18 నెలలకు వాటంతట అవే పోయేటట్టు పెట్టి ఉంటది, దాన్ని తగ్గించుకోవచ్చు గూడ. ఆ దాచుడు బంద్ పెట్టినా 72 గంటలు ఉంటదని వాళ్లే రాసిన్రు. నా గురించి గుర్తుంచుకో అని మీరు విడిగ చెప్పినవి మళ్ల యాప్ సెట్టింగ్‌లల్ల ఉంటయి, రెండు దిక్కుల చూడాలె.

తమ్ముడు అడుగుతున్నడు, చీటీ తీసేస్తే మన మాటలు మోడల్‌కు నేర్పుడు గూడ ఆగుతదా అని. ఆగదు. అది వేరే మీట. Data controls ల Improve the model for everyone అని ఉంటది, దాన్ని విడిగ బంద్ చేసుకోవాలె.

ఎనకున్న పెద్దాయన, గట్టిగ చెప్పండ్రి. షాపు ఖాతాల నా సొంతవి గూడ ఉన్నయి, మొత్తం తీస్తే అవి పోతయి కదా అంటున్నరు. పోతయి. ముందు జాబిత తెరిచి మీవి ఏవో నోటుబుక్కుల రాసుకోండ్రి, అప్పుడు మొత్తం తీసెయ్యండ్రి. మీ సొంతానికి మీ ఫోన్ల ఇంకో మెయిల్‌తోని వేరే ఖాతా తెరుచుకొని అండ్ల చెప్పుకోండ్రి. ఇప్పుడే తెరుస్తరా? తెరవండ్రి. ఏముంది అండ్ల? చదవండ్రి, మాకు గూడ వినిపియ్యండ్రి. బిడ్డ పెండ్లి లగ్నపత్రిక, పక్కింటోళ్ల కరెంటు బిల్లు, ఇంకా... ఎవరిదో రక్తం గ్రూపు. ఎవరిది పెద్దాయనా? తెల్వదట. రాసుకోకుండ్రి ఇగ, తీసెయ్యండ్రి.